ఆషాఢంలో వచ్చిన బండి

మా ఆవిడ యాంగోన్‌లో లత అనే పేటలో ఒక వీధి మొగన పొద్దున్నే ఇడ్లీలు అమ్ముతుంది. సాంబారు దింపగానే మొదటి గరిటె నా అరచేతిలో పోసి, ఉప్పు చూడమనేది. పెళ్లయిన దగ్గర్నుంచి అదే అలవాటు. నేను చప్పరించి, చాలంటే గిన్నెకి మూత పెట్టేది, చాలదంటే చిటికెడు వేసేది. నా మాట మీద అంత నమ్మకం ఆవిడకి. ఆ నమ్మకాన్ని నేనేం చేశానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు గనక రాయడమే మిగిలింది.

నాది ఫెర్రీ పని. ఫెర్రీ అంటే పడవ కాదు. యాంగోన్‌లో ఆఫీసువాళ్ళని, ఫ్యాక్టరీవాళ్ళని నెలవారీ డబ్బుకి ఇంటి దగ్గర ఎక్కించుకుని పని దగ్గర దించి, సాయంత్రం మళ్ళీ తెచ్చి ఇంట్లో దించే బండిని ఇక్కడ ఫెర్రీ అంటారు. మేముండే లమ్మడా పేటలో ఆరుగురిని ఎక్కించుకుని నది వంతెన దాటి, తన్లిన్ ఊరి అవతల ఉన్న ఫ్యాక్టరీలకి తీసుకెళ్తాను. బండి నాది కాదు. పద్దెనిమిదేళ్ళు నడిపినా నాది కాదు. వచ్చినదాంట్లో సగం పైన యజమానికి పోతుంది, మిగిలినదాంట్లో పెట్రోలు నాది, టైరు పంక్చరయినా నాదే. పెట్రోలు బంకు దగ్గర వరసలో నిలబడి నిలబడి నా నడుము వంగింది.

నాకు ఇంకో పని కూడా ఉంది, దానికి డబ్బు రాదు. నేను పంచాంగం చూస్తాను. మా తాత ఈ బర్మా రేవులో బస్తాలు మోయడానికి విశాఖపట్నం నుంచి ఓడెక్కినప్పుడు పెట్టెలో తెచ్చుకున్నవి రెండే, ఒక దుప్పటి, ఒక పంచాంగం. మా నాన్న ఆయన దగ్గర నేర్చుకున్నాడు, నేను నాన్న దగ్గర. ఇప్పటికీ ఉగాదికి ముందు అటునుంచి వచ్చేవాళ్ళెవరో ఒకరు కొత్తది తెచ్చిపెడతారు. మా వాళ్ళలో ఎవరింట్లో ఏ శుభకార్యమైనా ముందు నాకు ఫోన్ చేస్తారు. కుర్రకారుకి తెలుగు చదవడం రాదు, కొందరికి సరిగ్గా మాట్లాడటమే రాదు, కానీ మంచిరోజు మాత్రం కావాలి. వాళ్ళు అడగడం, నేను వేళ్ళమీద లెక్కపెట్టి ‘అమ్మో, ఆ రోజు పనికిరాదు’ అనడం నాకెంత ఇష్టమో దాచుకోను. బండి దగ్గర ఎవడూ నన్ను లెక్కచేయడు గదా. అక్కడ మాత్రం నేను చెప్పిందే వేదం.

సొంత బండి ఆలోచన నాది కాదు, ఆవిడది.

"ఎన్నాళ్ళు ఆడి బండి తోల్తావు బావా? ఆడికి మేడలు కట్టించీసావు. మనకేటి మిగిలింది?" అంది ఒకరోజు. మా మేనత్త కూతురు కాబట్టి నన్ను బావా అనే పిలుస్తుంది.

"డబ్బేదీ?" అన్నాను.

చేతులు చాపింది. నాలుగు గాజులు. అవి పుట్టింటివాళ్ళు పెట్టినవి కావు, నేను చేయించినవి అంతకన్నా కావు. పన్నెండేళ్ళపాటు ఇడ్లీ డబ్బుల్లోంచి పైసా పైసా కూడబెట్టి, ఒక్కొక్కటిగా చేయించుకున్నవి. ఒక్కో గాజుకి మూడేళ్ళు. గాజులు బుకింగుకి సరిపోతాయి. తన్లిన్‌లో మా నాన్న వదిలిపోయిన చిన్న స్థలం అమ్మితే డౌన్‌పేమెంటు వస్తుంది. మిగతాది బ్యాంకు ఇస్తుంది, ఫెర్రీ డబ్బుతో నెలనెలా కట్టుకోవచ్చు. ఇంత లెక్కా పిండి రుబ్బుతూ ఆవిడే వేసుకుంది.

మాఘమాసంలో మంచిరోజు చూసుకుని షోరూముకి వెళ్ళాం. ఏడుగురు కూర్చునే బండి. విడిభాగాలు బయటినుంచి తెచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో బిగిస్తారు. విడిభాగాలు రావాలంటే ప్రభుత్వం అనుమతివ్వాలి, డాలర్లు దొరకాలి. అందుకే బండి కావాలన్న రోజున దొరకదు, పేరు రాయించుకుని వంతు కోసం ఆగాలి. అక్కడ కూర్చున్న అమ్మాయికి పాతికేళ్ళుంటాయి, ఇక్కడి ఆడవాళ్ళందరిలాగే చెంపలకి తనకా చెక్క గంధం పూసుకుని ఉంది. నన్ను ‘ఊలే’ అంది, అంటే బాబాయ్ అని. చాలా ఓపికగా అన్నీ చెప్పింది.

"నాలుగు నెలల్లో రావచ్చు ఊలే. రావచ్చు అంటున్నాను, వస్తుందని మాటివ్వడం లేదు. బండి ధర ఈరోజు ధర కాదు, మీ చేతికి ఇచ్చే రోజున ఎంతుంటే అంత. బుకింగు డబ్బు ధరలో కలుపుతాం. ఆరు నెలలు దాటినా మేము బండి కేటాయించలేకపోతే, మీరు ఒక కాగితం రాసిస్తే మొత్తం తిరిగి ఇచ్చేస్తాం, వడ్డీ ఉండదు. ఈలోగా మీ అంతట మీరు వద్దనుకుంటే సగం పోతుంది. బండి కేటాయించాక ఏడు రోజుల్లో మిగతా డబ్బు కట్టకపోతే మొత్తం పోతుంది. ఇంకొకరి పేరు మీదికి మార్చడం కుదరదు."

మా ఆవిడ ఆ నాలుగు ముక్కలూ వేళ్ళమీద పెట్టుకుంది. చదువు లేకపోయినా, ఆవిడ విన్నది మరిచిపోదు. గాజులు అమ్మిన ముప్పై లక్షల చాట్లు, చాట్లంటే ఇక్కడి రూపాయలు, కట్టాం. నా గుర్తింపు కార్డు, ఇంట్లోవాళ్ళ పేర్లుండే సర్కారు జాబితా నకలు తీసుకుని, నా పేరు మీద రసీదిచ్చారు. ఆ రసీదుని ఆవిడ గాజుల డబ్బాలోనే పెట్టింది. బోసి చేతులతో మూత బిగించి, నా వంక చూసి నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తొస్తుంది, గుర్తు రాకుండా ఉంటే బాగుండును.

ఆ నాలుగు నెలలూ మేము బాగానే బతికాం. ఆవిడ ఇడ్లీలు తినడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. నేను స్థలం అమ్మి డబ్బు బ్యాంకులో వేశాను. ఫెర్రీలో ఎక్కే ఆడపిల్లలు కొత్తబండిలో ఏసీ ఉంటుందా అని అడిగేవారు, ఉంటుందని గొప్పగా చెప్పేవాణ్ణి.

వాన పట్టుకున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం షోరూము అమ్మాయి ఫోన్ చేసింది.

"ఊలే, మీ అదృష్టం బాగుంది. మీ వంతు వచ్చింది. ధర కూడా కొంచమే పెరిగింది. ఏడు రోజుల్లో వచ్చి డబ్బు కట్టి తీసుకెళ్ళండి."

నేను ఫ్యాక్టరీ గేటు బయట, బండిలో కూర్చుని ఉన్నాను. ఫోన్ పెట్టేసి ఎగిరి గంతెయ్యాల్సిన మనిషిని, ఏం చేశానో తెలుసా? వేళ్ళు లెక్కపెట్టాను. ఆషాఢం వచ్చి నాలుగు రోజులయింది. పైగా ఆ ఏడు అధిక శ్రావణం. ఆషాఢం అయ్యాక ఇంకో నెల కూడా పనికిరాదు. నిజ శ్రావణం వచ్చేదాకా రెండు నెలలు.

ఆ ముందు వారమే మా వాళ్ళలో ఒకతను కొత్త ఫ్లాట్‌లోకి దిగుతానంటే, ఆషాఢంలో పాలు పొంగిస్తావా, బుద్ధుందా అని పదిమందిలో కేకలేశాను. అతను పాపం అద్దె రెండిళ్ళకీ కడుతూ ఆగాడు. ఇప్పుడు నేను ఆషాఢంలో బండి తెచ్చి గుడి ముందు కొబ్బరికాయ కొడితే వాళ్ళేమంటారు? ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే నీతులు అనరూ? నిజం చెప్పాలంటే నాకు దేవుడి భయం కన్నా ఆ నవ్వుల భయమే ఎక్కువ.

సాయంత్రం ఆవిడకి చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు. ఆవిడకి దేవుడంటే భక్తే గానీ, పంచాంగమంటే నవ్వులాట. ‘ఆకలికి ఆషాడమేటి’ అంటుంది. మర్నాడు ఒక్కణ్ణే షోరూముకి వెళ్ళాను.

ఆ అమ్మాయికి నా గోల అర్థం కాలేదు. "మాకూ ఈ ఏడు రెండు వాజో నెలలు వచ్చాయి ఊలే. వాజోలో పెళ్ళిళ్ళు ఆపుతాం గానీ కార్లు ఆపం" అని నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడు మేనేజరుని అడిగొచ్చి ఒక కాగితం తెచ్చింది.

"ఇది మీరు కోరి వాయిదా వేసుకుంటున్నట్టు. సంతకం పెడితే ఈ బండి మీ వెనకాలి మనిషికి వెళ్తుంది. మీకు మళ్ళీ బండి ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆరు నెలల గడువు మీకిక వర్తించదు. తరవాత మానుకున్నా సగమే వస్తుంది. ఆలోచించుకోండి ఊలే. ఇంటికెళ్ళి ఆంటీని అడిగి రండి."

ఆ చిన్నపిల్ల నా మంచికోరి చెప్పిందది. ఆంటీని అడగమనగానే నాకు ఒళ్ళు మండింది. మగాణ్ణి, పెన్ను ఇలా ఇవ్వమన్నాను. సంతకం పెట్టాను. నకలు మడిచి జేబులో పెట్టుకుని, వంతెన మీద నుంచి నదిలోకి విసిరేశాను.

ఇంటికొచ్చి, బండి ఇంకా రాలేదట, ఆలస్యమవుతుందట అన్నాను. ఒక్క అబద్ధం. ఆ తరవాత దాన్ని మొయ్యడానికి ఎన్ని అబద్ధాలు కావాలో అప్పుడు తెలీదు.

నిజ శ్రావణం వచ్చింది. మంచి రోజులే అన్నీ. బండి రాలేదు. విడిభాగాలకి అనుమతి ఆగిపోయిందన్నారు. భాద్రపదం పోయింది. డాలరు పెరిగింది, బంగారం పెరిగింది. షోరూమువాళ్ళ ధరల కాగితం నెలకోసారి మారింది. ఆరు నెలలు దాటాయని ఆవిడ వేళ్ళు చెప్పాయి.

"బావా, ఆరు నెల్లయిపోయింది కదా. కాయితం రాసిచ్చీసి డబ్బులు తెచ్చీసుకుందాం. మొత్తం ఇస్తామన్నాది కదా ఆ పిల్ల. కనీసం రెండు గాజులైనా వస్తాయి" అంది. బంగారం ధర పెరిగిన సంగతి ఆవిడకి తెలుసు, నాలుగు గాజుల డబ్బుకి ఇప్పుడు నాలుగు రావని తెలుసు.

నేను వెళ్ళి కాగితం రాస్తే చేతికొచ్చేది సగం. సగమే ఎందుకని ఆవిడ అడుగుతుంది. సంతకం బయటపడుతుంది. అందుకని ఏమన్నాను? "ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడు వంతు వదులుకుంటామా? ఆడదానివి, నీకేం తెలుసు, ఊరుకో" అన్నాను. ఊరుకుంది. నెల పోయాక మళ్ళీ అడిగింది. మళ్ళీ అరిచాను. తప్పు చేసినవాడికే గొంతు పెద్దదని మా నాన్న అనేవాడు. మూడోసారి ఆవిడ అడగలేదు. గాజుల డబ్బా తీసి, రసీదు చూసుకుని, మళ్ళీ పెట్టేసింది.

అప్పుడైనా మానుకుంటే సగం వచ్చేది. ఒక గాజు డబ్బు. ఆ ఒక్క గాజుని కూడా నేనే మింగాను.

కార్తీకం వెళ్ళాక ఫోన్ వచ్చింది. ఈసారి ఆ అమ్మాయి గొంతులో హుషారు లేదు. బండి వచ్చింది, కొత్త ధర ఇది, ఏడు రోజులు అని చెప్పింది. ఆ ధర విని బండి పక్కకి ఆపేశాను. స్థలం అమ్మిన డబ్బు డౌన్‌పేమెంటులో సగానికి కూడా చాలదు. బ్యాంకువాడు ధరలో ఇంత భాగం ముందు కట్టాలంటాడు, ధర పెరిగితే ఆ భాగమూ పెరుగుతుంది గదా. బంధువుల్ని అడిగాను. అందరూ మంచిమాటలే చెప్పారు. ఏడు రోజులూ గడిచాయి. ఎనిమిదో రోజున నా ఫోనుకి సందేశం వచ్చింది. మీ బుకింగు రద్దయింది, నిబంధన ప్రకారం బుకింగు సొమ్ము తిరిగి ఇవ్వబడదు.

ఆవిడతో అన్నాను, కంపెనీవాళ్ళు మోసం చేశారని.

అంతే. ఆవిడకి కోపం రావడం నేను తక్కువ చూశాను. మర్నాడు ఇడ్లీ బండి పెట్టలేదు. పెళ్ళికి కట్టుకున్నట్టు మంచి చీర కట్టుకుంది, రసీదు కొంగున ముడేసుకుంది.

"నడు. ఆళ్ళ మొకం మీద అడుగుతాను."

"వద్దు, ఏం లాభం లేదు" అన్నాను.

"నువ్వు నోరెత్తలేవు. నానడుగుతాను, నువ్వు పక్కన కూకో సాలు."

వెళ్ళాం. నేను పక్కన కూర్చున్నాను. షోరూములో అద్దాల వెనక కొత్తబళ్ళు తళతళలాడుతున్నాయి, డబ్బున్న జంటలు తలుపులు తీసి వాసన చూస్తున్నారు. ఆ అమ్మాయి మమ్మల్ని చూడగానే లేచింది. మేనేజరు వచ్చాడు, నెమ్మదస్తుడు. ఆవిడ బర్మా భాష నాకన్నా బాగా మాట్లాడుతుంది, వీధిలో అమ్ముకునేవాళ్ళ భాష, సూటిగా ఉంటుంది.

"ఆరు నెలలు దాటితే మొత్తం ఇస్తామన్నారు. పది నెలలయింది. ఆరు నెలల్లో మీరు బండి ఇవ్వలేదు. తప్పు మీది. మా డబ్బు మాకివ్వండి. ఈ అమ్మాయే చెప్పింది, ఈ కుర్చీలోనే కూర్చుని చెప్పింది. ఏమ్మా, చెప్పలేదా?"

ఆ అమ్మాయి నా వంక చూసింది. నేను నేల చూశాను. నేను చెబుతానేమోనని ఆగింది. చెప్పాల్సింది. అప్పుడైనా నోరు తెరిచి, పద, ఇంటికెళ్దాం, తప్పు నాది అనాల్సింది.

"జూన్‌లోనే బండి కేటాయించాం ఆంటీ. ఊలేనే వద్దన్నారు" అన్నాడు మేనేజరు.

"అబద్ధం!" అంది ఆవిడ. షోరూమంతా తిరిగి చూసింది. "మా ఆయన బండి కోసం పద్దెనిమిదేళ్ళు కాచుకున్నాడు. బండి వస్తే వద్దంటాడా? మా ఆయన నాకు చెప్పకుండా ఏదీ చెయ్యడు. ఊరికే బీదవాళ్ళమని అంటున్నారు."

మేనేజరు లోపలికెళ్ళి ఫైలు తెచ్చి, కాగితం తీసి, ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడకి బర్మా చదవడం రాదు. కానీ నా సంతకం తెలుసు. పిల్లల బడి కాగితాల మీద, అద్దె కాగితాల మీద ఎన్నోసార్లు చూసింది. తేదీ అంకెలు తెలుసు. దాని మీద వేలు పెట్టి, సంతకం దాకా నెమ్మదిగా జరిపింది. అక్కడే చాలాసేపు ఉంచింది.

"ఇందులో ఏటుంది బావా?" అంది తెలుగులో, మెల్లగా, నాకొక్కడికే వినపడేలా.

"ఆషాఢం" అన్నాను. "ఆషాఢమని వాయిదా..."

మేనేజరు నిబంధన మళ్ళీ చెప్పబోయాడు, ఆవిడ చెయ్యెత్తి చాలంది. లేచి, అందరి ముందు అరిచినందుకు ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పింది. అది నేను చెప్పాల్సిన క్షమాపణ. ఆ అమ్మాయి ఏం చెయ్యాలో తోచక, కొత్త సంవత్సరం క్యాలెండరు ఒకటి చుట్టి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ రెండు చేతులతో తీసుకుంది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. లమ్మడా దగ్గరపడుతుండగా అడిగింది.

"ఆ కాయితం నీకూ ఒకటిచ్చుంటారు కదా. ఏటైంది?"

"పోయింది."

"పంచాంగం పోతే నచ్చత్రాలు పోతాయేటి?"

వెటకారంగా అనలేదు. అలిసిపోయిన గొంతు. కిటికీలోంచి చూస్తూనే మళ్ళీ అంది.

"గాజులు పోతే పోనీ. నానొచ్చి అక్కడ అంతమందిలో నీ తరపున అరిసినాను. నువ్వు కూకుని ఇన్నావు. ముందే సెప్పుంటే ఏటయ్యీది?"

మా స్టాపు రాగానే నేను ముందు దిగిపోయాను.

ఆవిడ నన్ను తిట్టలేదు, పుట్టింటికి పోలేదు, మా వాళ్ళెవరికీ చెప్పలేదు. నా పరువు ఆవిడే కాపాడింది. వాళ్ళింకా నాకు ఫోన్ చేసి మంచిరోజులు అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు మంచిరోజు కాదని నేనెవరితోనూ అనను. మీ వీలు చూసుకోండి అంటాను. ముసలితనం వచ్చి మెత్తబడ్డాననుకుంటున్నారు. యజమాని బండి ఇంకా తోలుతూనే ఉన్నాను. క్యాలెండరుని ఆవిడ వంటింట్లో మేకుకి తగిలించింది. నెలకో బొమ్మ, ప్రతి బొమ్మలోనూ కొత్తబండే. మినప్పప్పు ఎప్పుడు తెచ్చిందో దాని మీద గుర్తులు పెట్టుకుంటుంది.

షోరూము నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే లేచాను. ఇడ్లీ ఆవిరి, సాంబారు వాసన, అన్నీ మామూలే. పొయ్యి దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ అరచెయ్యి చాపాను. ఆవిడ గరిటెతో కాస్త తీసి, తన అరచేతిలో పోసుకుని, చప్పరించి, చిటికెడు ఉప్పు వేసి గిన్నెకి మూత పెట్టింది.

అప్పటినుంచీ ఉప్పు తనే చూసుకుంటోంది.